లోగోకి డబ్బు కట్టేశాం కదా అని ఊరుకోకండి, ముందు సంతకం తీసుకోండి

ఫ్రీలాన్సర్ చేత లోగో గానీ వెబ్‌సైట్ గానీ చేయించుకుంటున్నవాళ్లు, ఇప్పటికే చేయించుకున్నవాళ్లు కూడా దయచేసి ఇది చదవండి. మూడేళ్లుగా వాడుతున్న లోగో మాది కాదని మాకు ఈమధ్యే తెలిసింది.

మా చిన్న వ్యాపారానికి ఒక డిజైనర్ లోగో, వెబ్‌సైట్ చేసిచ్చారు. పని బాగుంది. ఫీజు మొత్తం కట్టాం, బిల్లు తీసుకున్నాం. ఈమధ్య కొత్త సరుకు మొదలుపెడుతూ, లోగోలో రంగులు మార్చి ఒక ఆకు చేర్చమని వేరే డిజైనర్‌కి ఇచ్చాం. వారం తిరక్కుండానే పాత డిజైనర్ మెయిల్ పెట్టారు. "కాపీరైట్ నాది. నన్ను అడగకుండా నా డిజైన్ ఎలా మార్చారండీ? వాడకం ఆపండి" అని.

కోపంతో బిల్లు పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లాం. ఆయన బిల్లు పక్కన పెట్టి, "హక్కులు రాసిచ్చిన కాగితం ఏదండీ?" అన్నారు. జీతానికి పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దాని హక్కు యజమానిదే. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. కాబట్టి లోగో గీసినవారే, కోడ్ రాసినవారే మొదటి హక్కుదారు. మన దేశంలోనే కాదు, బ్రిటన్‌లో, అమెరికాలో కూడా ఆ హక్కు మన చేతికి రావాలంటే వాళ్లు సంతకం చేసిన రాతపత్రం ఉండాలి. బిల్లు మనం డబ్బు కట్టామని మాత్రమే చెబుతుంది. ఏ పనికోసం చేయించుకున్నామో దానికి వాడుకునే అనుమతి మనకు ఉన్నట్టేనని సాధారణంగా లెక్కిస్తారు. అంతే తప్ప మార్చడానికి, వేరేవాళ్లకు అమ్మడానికి, కాపీ కొట్టినవాళ్లను కాపీరైట్ పేరుతో ఆపడానికి అది చాలదు.

మా దగ్గర ఒప్పందం లేదని కాదు. నెట్‌లో దొరికిన నమూనా ఒకటి ఇద్దరం సంతకం చేసి పెట్టుకున్నాం. అందులో "ఇది వర్క్ ఫర్ హైర్" అని ఒక లైను ఉంది. దాన్నే నమ్ముకున్నాం. చేయించుకున్నవాళ్లదే హక్కు అని దాని అర్థం, కానీ అది అమెరికా చట్టంలోని మాట. అక్కడ కూడా బయటివాళ్లతో చేయించిన పనికి అది వర్తించేది తొమ్మిది రకాలకే, మామూలు లోగో వాటిలోకి రాదు. మన 1957 కాపీరైట్ చట్టం కింద ఆ ఒక్క మాటతో హక్కు మారదు. నమూనా పత్రాలు దించుకుని వాడేవాళ్లు మీ కాగితంలో ఈ మాట ఉందేమో ఇప్పుడే తీసి చూడండి.

డిజైనర్‌తో మాట్లాడితే, మొదటి ఫీజులో సగం ఇస్తే హక్కులు రాసిస్తానన్నారు. న్యాయంగా అడిగే హక్కు ఆయనకు ఉంది, ఒప్పుకున్నాం. ఆయనే రాసి పంపిన పత్రంలో "లోగో హక్కులు ఇచ్చేస్తున్నాను" అని ఒకే వాక్యం ఉంది. లాయర్ గనక చూడకపోతే మళ్లీ మోసపోయేవాళ్లం. మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఎంతకాలానికో రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, పత్రంలో వేరేలా రాసుకుంటే తప్ప, అది రద్దయిపోతుంది. అంటే ఐదేళ్లయ్యాక మళ్లీ ఆయన గుమ్మం ముందే నిలబడేవాళ్లం.

ఇంకొకటి కూడా అప్పుడే బయటపడింది. లోగోలోని పిట్ట బొమ్మను ఇమేజ్ సెర్చ్‌లో పెడితే, అదే పిట్ట ఇంకో రెండు లోగోల్లో కనబడింది. ఆయన దాన్ని రెడీమేడ్ బొమ్మలు ఎవరికైనా అమ్మే ఒక స్టాక్ సైట్‌లో కొన్నారు. అలాంటి బొమ్మల మామూలు లైసెన్సులు లోగోగా వాడటానికి సాధారణంగా ఒప్పుకోవు. పైగా తనది కానిదాన్ని ఆయన మాకెలా రాసిస్తారు? పిట్టను కొత్తగా గీయించాల్సి వచ్చింది. వెబ్‌సైట్‌లో కూడా ఆయన సొంతంగా రాసిన కోడ్ వరకే మాకు బదిలీ అయింది. థీమ్, ప్లగిన్‌లు వాటి లైసెన్సుల కిందే ఉంటాయి కాబట్టి వాటి పేర్లు పత్రం చివర విడిగా రాయించాం.

చివరికి లాయర్ రాసిన వాక్యం ఇది: "ఈ పత్రానికి జతచేసిన లోగోపై నాకున్న కాపీరైట్ మొత్తాన్ని, దాని గడువు ముగిసేవరకు, ప్రపంచమంతటికీ వర్తించేలా, ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను. ఏడాదిలోపు వాడకపోయినా ఈ బదిలీ చెల్లుతుంది." లోగో ప్రింటు దానికి జతచేసి, దాని మీద కూడా సంతకం తీసుకున్నాం. "చేస్తాను" అని రాస్తే అది మాట ఇవ్వడం మాత్రమే అవుతుంది, "చేస్తున్నాను" అనే ఉండాలని లాయర్ పట్టుబట్టారు. ఈ సంతకం చివరి వాయిదా డబ్బు ఇచ్చేముందే అడగండి. మేం అప్పుడే అడిగి ఉంటే ఆ రెండో ఫీజు కట్టే పనే ఉండేది కాదు.