హొక్కైదోలో సొంతంగా కారు నడపాలంటే: ఇంటర్నేషనల్ పర్మిట్ సంగతులు

జపాన్‌లో హొక్కైదోకి వెళ్లేవాళ్లకి మొదట చెప్పే మాట, సప్పొరోలో కారు వద్దు. మెట్రో ఉంది, సిటీ హోటళ్లలో పార్కింగ్‌కి చాలాచోట్ల విడిగా డబ్బు కట్టాలి. కానీ జులైలో లావెండర్ తోటలు చూడటానికి ఫురానో, బియేయి వైపు వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడ రైళ్లు తక్కువ. బ్లూ పాండ్, కొండల మీది పొలాలు స్టేషన్‌కి దూరంగా ఉంటాయి. అందుకే మేం సప్పొరోలో రైళ్లతో సరిపెట్టుకుని, ఊరు వదిలే రోజు పొద్దున కారు తీసుకున్నాం. పల్లెల్లో పెన్షన్లు అనే, ఇంటివాళ్లే నడిపే చిన్న లాడ్జిల్లో బస చేశాం. పార్కింగ్ ఉచితం, రాత్రి భోజనం వాళ్లే పెడతారు. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. చేపలతో కాచిన రసం కలవని వంట అక్కడ అరుదు.

కారు అద్దె కౌంటర్‌లో మూడు అడిగారు: పాస్‌పోర్టు, ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్స్, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. అక్కడి అమ్మాయి బుక్‌లెట్ తెరిచి ముందు తేదీ చూసింది, తర్వాత ఫోటో ఉన్న పేజీలో బి అక్షరం ఎదురుగా ముద్ర ఉందో లేదో చూసింది. బి అంటే కారు, ఎ అంటే మోటార్‌సైకిల్. మన లైసెన్స్‌లో ఏ వాహనం ఉంటే దానికే ముద్ర పడుతుంది. ఆఖరికి పాస్‌పోర్టులో మేం దిగిన తేదీ కూడా రాసుకుంది. మా ముందున్న జంట దగ్గర ఫోన్‌లో డిజీలాకర్ కాపీ ఉంది, పర్మిట్ లేదు. వాళ్లకి కారు ఇవ్వలేదు.

పర్మిట్ లైసెన్స్‌కి బదులు కాదు, దానికి తోడు మాత్రమే. పర్మిట్ బుక్‌లెట్, లైసెన్స్ కార్డు రెండూ చేతిలో ఉండాలి.

మన దగ్గర దీన్ని ఇచ్చేది ఆర్టీవో. శాశ్వత లైసెన్స్ ఉండాలి, ఎల్‌ఎల్‌ఆర్ పనికిరాదు. ఫారం 4ఎ నింపాలి, ఫీజు 1000 రూపాయలు, సర్వీస్ చార్జీలు అదనం. 2021లో నిబంధన మార్చి, వీసా, మెడికల్ సర్టిఫికెట్ లేకుండా దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. గడువు ఇచ్చిన రోజు నుంచి ఏడాది, లైసెన్స్ అంతకంటే ముందే అయిపోతే అప్పటివరకే. కాబట్టి ప్రయాణానికి చాలా నెలల ముందే తీసుకోవడం దండగ. మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. లైసెన్స్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. తేడా ఉంటే బయల్దేరే ముందే లైసెన్స్‌లో పేరు సరిచేయించుకోండి. కౌంటర్ దగ్గర టెన్షన్ తప్పుతుంది.

ఇక అసలు పరిమితి. మన పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కింద వచ్చేది. జపాన్ ఒప్పుకునేది అదే, అందుకే మనకి అక్కడ ఇబ్బంది లేదు. వియత్నాం మాత్రం 1968 వియన్నా ఒప్పందం పర్మిట్లనే గుర్తిస్తుంది, మనం అందులో లేం. అక్కడ పాస్‌పోర్టు చూసి స్కూటర్ ఇచ్చే షాపులకి కొదవ లేదు. కానీ పోలీసు ఆపితే మన బుక్‌లెట్ చెల్లదు, ప్రమాదం జరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా తిరస్కరించొచ్చు. షాపువాడు బండి ఇచ్చాడంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు, ఈ మాట వియత్నాం వెళ్లే పిల్లలకి గట్టిగా చెప్పండి. చైనా అయితే ఏ పర్మిట్‌నీ గుర్తించదు. దుబాయ్‌లో విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకి ఇది పనికొస్తుంది కానీ, అక్కడే నివాస వీసాతో ఉంటున్నవాళ్లు దీంతో నడపకూడదు, అక్కడి లైసెన్స్ తీసుకోవాలి.

మళ్లీ హొక్కైదోకి వస్తే, పర్మిట్ ఉన్నంత మాత్రాన భద్రంగా ఉన్నట్టు కాదు. అద్దెలో కలిసి వచ్చే బీమా ఉన్నా, ఎన్‌ఓసీ అనే చార్జీ మన మీదే పడుతుంది, అంటే కారు రిపేర్‌లో ఉన్నన్నాళ్లు కంపెనీకి పోయే ఆదాయానికి మనం కట్టేది. కారు దెబ్బతిని రిపేర్‌కి వెళ్తే, అది నడిచే స్థితిలో ఉంటే సాధారణంగా 20,000 యెన్లు, నడవకపోతే 50,000. దీన్ని మాఫీ చేసే అదనపు కవర్‌కి మేం డబ్బు కట్టాం, అది సరైన ఖర్చే. చిన్న గీత పడినా 110కి ఫోన్ చేసి పోలీసు రికార్డు చేయించాలి, లేకపోతే బీమా వర్తించదు. ఆరేళ్లలోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, బుకింగ్‌లోనే అడగాలి. ఎడమవైపు నడపడం మనకి అలవాటే. ఎరుపు త్రికోణపు బోర్డు తలకిందులుగా కనబడితే రోడ్డు ఖాళీగా ఉన్నా బండి పూర్తిగా ఆగాల్సిందే.

ఉద్యోగం మీద జపాన్‌లో ఉంటున్నవాళ్లకి ఇంకో గమనిక. దిగిన రోజు నుంచి ఏడాదికి మించి పర్మిట్ మీద నడపలేరు. కొత్త పర్మిట్ కోసం ఇండియా వచ్చి మూడు నెలల్లోపే తిరిగి వెళ్తే ఆ ఏడాది మళ్లీ మొదలవదు. అలాంటివాళ్లు మన లైసెన్స్‌ని జపాన్ లైసెన్స్‌గా మార్చుకోవాలి. దానికి రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ ఉంటాయి.