రంగు కళ్లద్దాలతో డిస్లెక్సియా తగ్గుతుందంటే డబ్బు కట్టకండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఉన్న తల్లిదండ్రులూ, పిల్లాడికి చదవడం రావట్లేదని మీరు తిరుగుతుంటే ఇది ఒకసారి చదవండి. మేం రూ.13,800 పోగొట్టుకున్నాం. అంతకంటే బాధ, ఆరు నెలలు పోయాయి.

మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఒత్తు కనిపిస్తే ఆగిపోతాడు. "పుస్తకం" అన్నదాన్ని "పుసకం" అని చదువుతాడు. చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా కావచ్చని టీచరు అన్నారు. అప్పుడే విజయనగరంలో ఒక క్యాంపు పెట్టారని తెలిసి వెళ్లాం. చదివేటప్పుడు కళ్లు మండుతాయా, వరస తప్పుతుందా, తలనొప్పి వస్తుందా అని అడిగారు. అన్నిటికీ అవుననే అన్నాడు. చదవడం కష్టమైన ఏ పిల్లాడైనా అవుననే అంటాడు కదా! దీన్ని ఇర్లెన్ సిండ్రోమ్ అంటారని, తెల్ల కాగితం వెలుగు వాడి కళ్లకు పడట్లేదని చెప్పారు. 1980లలో హెలెన్ ఇర్లెన్ అనే అమెరికా ఆవిడ ప్రచారంలోకి తెచ్చిన మాట ఇది.

తర్వాత మా కళ్ల ముందే పరీక్ష పెట్టారు. మేం మోసపోయింది అక్కడే. చిన్న చిన్న మాటల కాగితం ఇచ్చి నిమిషం చదివించారు. 42 మాటలు చదివాడు. "ఏ రంగు హాయిగా ఉందో నువ్వే చెప్పు నాన్నా" అని రంగు ప్లాస్టిక్ కాగితాలు ఒక్కొక్కటే పరిచారు. పసుపు ఎంచుకున్నాడు. దాన్ని పైన పెట్టి అదే కాగితం మళ్లీ చదివిస్తే 51 వచ్చాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్షకు 1,500, పసుపు కాగితానికి 800, రంగు లెన్సులతో కళ్లజోడుకు 11,500 కట్టేశాం.

ఇంటికొచ్చాక మార్కుల్లో మార్పు లేదు. అప్పుడు ఆలోచించాను. రెండోసారి చదివింది అవే మాటలు. పైగా ఈసారి బాగా చదవాలని వాడికీ తెలుసు, పక్కన నిలబడ్డ మాకూ తెలుసు. అందుకని ఇంట్లో వేరేగా చేసి చూశాను. రోజుకో కొత్త పేరా, అన్నీ ఒకే స్థాయివి. ఒకరోజు ఏమీ లేకుండా, ఒకరోజు ఫైలు కవరులోని రంగులేని ప్లాస్టిక్, ఒకరోజు నీలం, ఒకరోజు వాళ్ల పసుపు. మరుసటి వారం వరస తిప్పాను. సగటున నిమిషానికి 43, 45, 44, 43 మాటలు వచ్చాయి.

ఒక్క పిల్లాడి లెక్కతో ఏదీ తేలదు, నిజమే. కానీ ఎడిన్‌బరో పరిశోధకులు ఇదే పని జాగ్రత్తగా చేసి 2011లో పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించారు. చదవడంలో ఇబ్బంది ఉన్న 61 మంది పిల్లలను ఇర్లెన్ పరీక్షకుల చేతే చూపించారు. వాళ్లలో 77 శాతం మందికి ఈ సిండ్రోమ్ ఉందని తేల్చారు. తర్వాత వాళ్లకు రాసిచ్చిన రంగుతో, వేరే రంగుతో, రంగులేని కాగితంతో చదివిస్తే వేగంలో తేడా రాలేదు. ఏడాది తర్వాత చూసినా అదనపు లాభం కనిపించలేదు. రంగు లెన్సులు పనిచేస్తాయనడానికి సరైన ఆధారం లేదని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి.

ఎందుకు పనిచేయదో నాకు అర్థమైంది విశాఖలో ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర. ఆవిడ పుస్తకమే తీయలేదు. వాణ్ణి కళ్లు మూసుకోమని, "కమలలో క తీసేస్తే ఏం మిగులుతుంది?" అని అడిగారు. చాలాసేపు ఆలోచించి "కల" అన్నాడు. "మల" అని వాడికి తట్టలేదు. అక్కడ కాగితమూ లేదు, రంగూ లేదు, వెలుగూ లేదు. మాటను శబ్దాలుగా విడదీయడం దగ్గరే వాడికి ఇబ్బంది. డిస్లెక్సియా ఉన్న చాలామందిలో అసలు లోపం ఇక్కడే ఉంటుంది. కంటికి ఏ రంగు అద్దం పెట్టినా స-కారం కింద త-ఒత్తు పలకడం రాదు.

కంటి డాక్టరుకు మాత్రం తప్పక చూపించండి. దూరపుచూపు లోపమో, మెల్లకన్నో ఉంటే దానికి మామూలు వైద్యం ఉంది. మా వాడి చూపు బాగానే ఉందని తేలింది. కాగితం వెలుగు కళ్లకు గుచ్చుకుంటే రంగు కాగితం కొంత హాయినివ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. హాయిగా ఉండటం వేరు, చదవడం రావడం వేరు.

మీకూ ఇలాంటి పరీక్ష పెడితే, రెండోసారి కొత్త మాటలు ఇమ్మనండి. రంగులేని ప్లాస్టిక్‌తో కూడా చదివించమనండి. మేం కళ్లజోడు వెనక్కి ఇస్తామంటే, లెన్సులు వాడి కొలతకు చేసినవి కాబట్టి డబ్బు వాపసు లేదన్నారు. బిల్లు మీద "టింటెడ్ లెన్స్" అని ఒక్క ముక్కే ఉంది, డిస్లెక్సియా అన్న మాట ఎక్కడా లేదు.

ఇప్పుడు రోజుకు అరగంట ఆ స్పెషల్ ఎడ్యుకేటర్ చెప్పినట్టు చేస్తున్నాం. ముందు మాట చెప్పి శబ్దాలు విడదీయడం, తర్వాత గుణింతం, ఆ తర్వాత ఒక్కో ఒత్తు. ఈ వారం ల-ఒత్తు మీద ఉన్నాం.