"వంద శాతం పోతాయి సిస్టర్" అన్నవాళ్ల స్ట్రెచ్ మార్క్స్ క్రీమ్ కొనేముందు ఇది చదవండి

ఆ పేజీ ఏదో నేను చెప్పక్కర్లేదు. రోజూ లైవ్ పెట్టి, పొట్ట మీద చారల ఫొటోలు చూపించి, "స్టాక్ అయిపోతోంది సిస్టర్స్" అని కంగారు పెట్టేవాళ్లే. మీలో సగం మంది ఫాలో అవుతూనే ఉంటారు. నేనూ అయ్యాను. డెలివరీ తర్వాత పొట్ట మీదా తొడల మీదా మిగిలిన చారల కోసం వాళ్ల కిట్ తెప్పించుకున్నాను. క్రీమ్, నూనె, "యాక్టివేటర్" అని ఇంకో సీసా. ఆ సీసా దేన్ని యాక్టివేట్ చేస్తుందో ఇప్పుడు అర్థమైంది, వాళ్ల బ్యాంకు ఖాతాని.

కొనేముందు నేనేమీ గుడ్డిగా డబ్బు పంపలేదు. నా పొట్ట ఫొటో పెట్టి మరీ అడిగాను. "ఇవి కొత్తవి కావండీ, ఎప్పుడో తెల్లబడిపోయాయి. వేలితో తడిమితే కాస్త గుంటలా తగులుతున్నాయి. వీటికి పనిచేస్తుందా?" అని. వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది. "పాతవి కొత్తవి అని తేడా ఏం లేదు సిస్టర్. మా దాంట్లో కొలాజన్ ఉంది, లోపల్నుంచి కొత్త చర్మం కట్టుకొస్తుంది. వంద శాతం పోతాయి." ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. కోపం తగ్గినప్పుడల్లా ఒకసారి వింటున్నాను.

రాశాను. పొద్దునా రాత్రీ, వాళ్లు చెప్పినట్టే, గుండ్రంగా మర్దనా చేస్తూ. చర్మం మెత్తబడింది, అది నిజం. చారలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, కాస్త నిగనిగలాడుతూ. డబ్బా అడుగంటాక డబ్బు వెనక్కివ్వమని అడిగాను. దానికి వచ్చిన జవాబు చూడండి: "మీవి తెల్లవి కదా సిస్టర్. తెల్లబడిన వాటికి ఏ క్రీమూ పనిచేయదు, ఏ డాక్టర్‌నైనా అడగండి. మీరే లేట్ చేశారు. మా టై-అప్ క్లినిక్‌లో లేజర్ ప్యాకేజీ ఉంది, డిస్కౌంట్ ఇప్పిస్తాను."

మళ్లీ ఒకసారి చదవండి. తెల్లబడిన చారలకి క్రీమ్ పనిచేయదని వాళ్లకి మొదట్నుంచీ తెలుసు! అమ్మేటప్పుడు దాచిపెట్టి, డబ్బు తిరిగివ్వాల్సి వచ్చేసరికి అదే నిజాన్ని నా మొహాన కొట్టారు. పైగా అదే నోటితో ఇంకో సరుకు అంటగట్టబోయారు. ముందు పంపిన వాయిస్ మెసేజ్‌ని వాళ్లకే తిరిగి పంపాను. బ్లాక్ చేశారు.

ఆ మంట మీదే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను, వాళ్లు "ఏ డాక్టర్‌నైనా అడగండి" అన్నారు కదా. ఆవిడ చారని రెండు వేళ్లతో సాగదీసి చూసి, విడమరిచి చెప్పారు. చర్మం పై పొర బాగానే ఉంటుంది, దెబ్బతినేది దాని కింది పొర. పొట్ట పెరిగినప్పుడో, బరువు గబగబా మారినప్పుడో ఆ పొరలో బిగువునిచ్చే కొలాజన్, ఎలాస్టిన్ పోగులు తెగుతాయి. ఒంట్లో హార్మోన్ల మార్పులు కూడా తోడై ఆ పోగుల్ని బలహీనం చేస్తాయి. తెగిన చోట శరీరం తనకు చేతనైనట్టు అతుకు వేసుకుంటుంది. అంటే స్ట్రెచ్ మార్క్ ఒక మచ్చ, గాయం మానాక మిగిలే మచ్చలాంటిదే. క్రీమ్‌లో కలిపే కొలాజన్ అణువు చాలా పెద్దది, అది ఆ లోతుకి దిగదు. పైనే ఉండి తేమని పట్టి ఉంచుతుంది, అంతే. నడుము దగ్గర ఎలాస్టిక్ తెగిన బట్టని పైపైన ఎంత ఇస్త్రీ చేసినా ఏం లాభం?

మరి ఆ లైవ్‌లో చూపించే ఫొటోలో? అక్కడే ఉంది అసలు మాయ. కొత్తగా వచ్చిన చారలు ఎర్రగానో, ఊదాగానో ఉంటాయి. మనలాంటి చామనఛాయ వాళ్లకి ముదురు గోధుమ రంగులో కూడా కనిపిస్తాయి. అప్పుడు అవి కొంచెం ఉబ్బి, దురద పెడతాయి. తర్వాత కొన్ని నెలల్లో, ఒక్కోసారి ఏడాది దాటాక, ఏమీ రాయకపోయినా ఆ రంగు దిగిపోయి తెల్లబడతాయి, సన్నబడతాయి. ఇది దానంతట అదే జరిగే పని. ఆ పేజీ వాళ్లు చేసేదల్లా ఎర్రగా ఉన్నప్పుడు ఒక ఫొటో, తెల్లబడ్డాక ఇంకో ఫొటో పక్కపక్కన పెట్టి, మధ్యలో తమ డబ్బా బొమ్మ అతికించడం. "ముందు" నాడే తెల్లగా ఉన్న చారలు "తర్వాత" మాయమైన ఫొటో ఒక్కటైనా ఉందేమోనని వాళ్ల పేజీ మొదటి పోస్టు దాకా వెతికాను. ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి చూడండి. వాళ్లకి బాగా పేరు తెచ్చిన ఫొటో ఒకటుంది, "30 రోజుల్లో రిజల్ట్" అని. దాంట్లో మొదటి ఫొటోలో బొడ్డు కింద నిలువుగా నల్లగీత స్పష్టంగా ఉంది, కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి వచ్చేదే. రెండో ఫొటోలో ఆ గీత లేదు. అది పోవడానికి మామూలుగా డెలివరీ తర్వాత కొన్ని నెలలు పడుతుంది. ముప్పై రోజుల్లో చారలతో పాటు ఆ గీతని కూడా చెరిపేసే క్రీమ్ అయితే దాన్ని కూడా లేబుల్ మీద వేసుకోవాల్సింది, పాపం మర్చిపోయినట్టున్నారు. వెలుతురు సంగతి సరేసరి. మొదటి దాంట్లో వెలుగు పక్కనుంచి పడుతోంది, అందుకని ప్రతి గుంటా నీడ పట్టి లోతుగా కనిపిస్తుంది. రెండోది ఎదురుగా ఫ్లాష్ కొట్టి, పొట్ట బిగబట్టి తీసింది. నమ్మకం లేకపోతే మీ చారల్నే ఒకసారి కిటికీకి పక్కగా నిలబడి, ఒకసారి కిటికీ వైపు తిరిగి ఫొటో తీసుకోండి. పైసా ఖర్చు లేకుండా మీకూ రిజల్ట్ వస్తుంది.

అసలు ఏ మందూ లేదా అని డాక్టర్‌ని గట్టిగానే అడిగాను. చారలు ఇంకా ఎర్రగా ఉన్నప్పుడైతే ట్రెటినాయిన్ అనే మందుతో కొంత ఫలితం ఉంటుందన్నారు. ఎంత కొంత? 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో 0.1 శాతం ట్రెటినాయిన్‌ని కొత్త చారల మీద రోజూ ఆరు నెలల పాటు రాశారట. సగటున చారల పొడవు 14 శాతం, వెడల్పు 8 శాతం తగ్గాయి. డాక్టర్ల చేతిలో ఉన్న మందుకే ఫలితం ఇంత. పైగా దానికి చర్మం ఎర్రబడి పొట్టు రేగుతుంది, ఎండ పడదు. తెల్లబడిన వాటికి దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. కోకో బటర్, ఆలివ్ నూనె లాంటివి రాస్తే దురద తగ్గి హాయిగా ఉంటుందే గానీ, చారలు రాకుండా ఆపవని వాటి మీద జరిగిన పరీక్షల్లో తేలిందట. అమ్మకో అక్కకో ఉంటే మనకీ వచ్చే అవకాశం ఎక్కువ, దానికి ఎవరి నూనే ఏమీ చేయలేదు.

వాళ్ల "డిస్కౌంట్ లేజర్" గురించి కూడా అడిగాను. ఎరుపుని తగ్గించే లేజర్ వేరు, తెల్ల చారల గరుకుదనాన్ని సరిచేసే ఫ్రాక్షనల్ లేజర్ వేరు. సన్నటి సూదులతో గుచ్చి చర్మాన్ని మళ్లీ కొలాజన్ కట్టుకునేలా చేసే మైక్రోనీడ్లింగ్ ఇంకొకటి. తెల్ల చారలకి ఈ చివరి రెండిట్లో ఏదైనా కొంత ఉపయోగపడుతుంది. కానీ ఒక్క సిట్టింగ్‌తో అయ్యేది కాదు, నెల, నెలన్నర ఎడంతో చాలాసార్లు వెళ్లాలి. అన్నీ అయ్యాక కూడా గుంట కొంత పూడుతుంది, చార కొంత చుట్టుపక్కల చర్మంలో కలుస్తుంది, పూర్తిగా మాత్రం పోదు. మన రంగు చర్మానికి లేజర్ వేడి తగిలిన చోట నల్లబడే ప్రమాదం ఎక్కువ, ఆ నలుపు నెలల తరబడి ఉండొచ్చు. అందుకే బయటికి కనిపించని చోట చిన్న ముక్క మీద ముందు చేసి, కొన్ని వారాలు ఆగి చూసి, అప్పుడు మిగతాది చేస్తారట. ఫొటో చూసి ఫోన్‌లోనే ప్యాకేజీ రేటు చెప్పేవాళ్లకి మన చర్మం రంగుతో పనేముంది?

ఇదంతా విని నేను సరేలే, పోయింది డబ్బే కదా అనుకునేదాన్ని. కానీ మొన్న మా తోడికోడలు ఫోన్ చేసింది. తనకిప్పుడు ఆరో నెల. అదే పేజీలో మెసేజ్ పెడితే, "ప్రెగ్నెన్సీలోనే మొదలుపెట్టండి సిస్టర్, అసలు చారలే రావు, హండ్రెడ్ పర్సెంట్ నేచురల్" అన్నారట. డబ్బా అప్పటికే ఇంటికి వచ్చేసింది. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నవి ఫోన్‌లో జూమ్ చేసి చదవమన్నాను. నాలుగో వరుసలో రెటినాల్! రెటినాల్, రెటినైల్ పాల్మిటేట్, ట్రెటినాయిన్, ఇవన్నీ ఒకే కుటుంబం, విటమిన్ ఎ రకాలు. కడుపుతో ఉన్నవాళ్లు ఈ కుటుంబం క్రీములు వాడొద్దని డాక్టర్లు చెప్తారు. నా డబ్బా తీసి చూశాను, అక్కడా ఉంది. నాకు పనికిరానిదీ, తనకి అసలు కూడనిదీ ఒకే డబ్బా, ఇద్దరికీ ఒకే "వంద శాతం". మా తోడికోడలు మూత తీయకుండా పక్కన పెట్టింది. అదే పేజీలో డబ్బు వెనక్కి అడిగితే "హైజీన్ ప్రొడక్ట్, రిటర్న్ లేదు" అన్నారు.

కామెంట్స్‌లో నిజం రాసేవాళ్లని తీసేస్తున్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొనాలనే ఉంటే, ముందే తెల్లగా ఉన్న చారల ఫొటోలు అడగండి, ఒకే వెలుతురులో తీసినవి. వాళ్లు నోటితో చెప్పేది రాతలో పెట్టమనండి. వెనక పదార్థాల పేర్లు లేని డబ్బా అయితే ఎంత చవకైనా ముట్టుకోవద్దు. అలాంటి వాటిల్లో స్టెరాయిడ్ కలిపితే దురద వెంటనే తగ్గుతుంది, పని చేస్తోందనుకుని నెలల తరబడి రాస్తాం. గాఢమైన స్టెరాయిడ్ క్రీమ్ ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడి కొత్త స్ట్రెచ్ మార్క్స్ వస్తాయి.