బొమ్మల కథల్లోని మాటలు ఎక్కించడానికి టెసెరాక్ట్: చాలాకాలం వాడాక

చూపు బాగా తగ్గిన మా మేనత్త, ఫోన్ చదివి వినిపిస్తుంటే పాత తెలుగు బొమ్మల కథలు వింటుంది. అందుకని స్కాన్ చేసిన పేజీల్లోని మాటల్ని టెసెరాక్ట్ అనే ప్రోగ్రామ్‌తో టెక్స్ట్‌గా మారుస్తుంటాను. ఇది ఉచితం, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అచ్చు శుభ్రంగా ఉంటే అక్షరాల విషయంలో చాలావరకు నమ్మొచ్చు. వరస విషయంలో మాత్రం అస్సలు నమ్మకూడదు.

ప్యానెల్ మొత్తం ఒకేసారి ఇస్తే పక్కపక్కనున్న రెండు బుడగల్ని ఒక్క లైనుగా కలిపేస్తుంది. బామ్మ ప్రశ్నలో సగం, మనవరాలి జవాబులో సగం అతుక్కుని వస్తాయి. కమాండ్‌లో `--psm 11` పెడితే ముక్కలు విడివిడిగా వస్తాయి గానీ, ఆ పద్ధతికి వరస ఉండదని దాని హెల్ప్‌లోనే రాసుంది. అందుకే బుడగల్ని నేనే కత్తిరించి, చదివే వరసలో నంబర్లు వేసి, ఒక్కొక్కటీ ఇస్తాను.

```
tesseract b03.png b03 -l tel --psm 6
```

వరస ఎలా తేల్చుకోవాలో ఒక ప్యానెల్‌తో చెబుతాను. పైన ఎడమవైపు డబ్బాలో "మర్నాడు పొద్దున్నే". కుడివైపు బుడగలో బామ్మ: "ఆ చప్పుడేంటే?" ఎడమవైపు, కాస్త కిందగా మనవరాలు: "పిల్లి చట్టి పడేసింది బామ్మా!" అట్టడుగున వంటింటి గడప దగ్గర పెద్దక్షరాల్లో "ఢమాల్". మన పేజీ ఎడమ నుంచి కుడికి చదివేదే అయినా, బామ్మ బుడగ పైఅంచు ఎత్తులో ఉంది కాబట్టి ముందు ఆవిడ మాటే. ఎత్తు సమానమైతేనే ఎడమవైపుది ముందు. ఎవరి మాటో బుడగ తోక చెబుతుంది. ఇక ఢమాల్ చోటునిబట్టి చివరిది, కానీ బామ్మ అడుగుతున్నది దాని గురించే. అందుకే డబ్బా, ఢమాల్, బామ్మ, మనవరాలు అని రాస్తాను. చప్పుడు ఎవరి మాటకు కారణమో ఆ మాటకు ముందు పెట్టకపోతే వినేవాళ్ళకు ప్రశ్న అర్థం కాదు.

చప్పుళ్ళ అక్షరాలు వంకరగా, బొమ్మలో కలిసిపోయి ఉంటాయి. వాటిని చేత్తో టైప్ చేయడమే మేలు. సాగదీసిన ఢమాల్‌కి దీర్ఘం గుర్తును వరసగా నొక్కితే చాలా ఫాంట్లలో చుక్కల సున్నాలు పడతాయి. "ఢమాఆఆల్" అని రాస్తే ఆ బెడద ఉండదు.

నన్ను ఇప్పటికీ టెన్షన్ పెట్టేవి ఒత్తులు. బుడగలో చోటు చాలక లైన్లు ఇరుగ్గా వేస్తారు. పై లైను ఒత్తు కింది లైను గుడికి తగిలితే "చిన్న" కాస్తా "చిన" అయిపోతుంది. బొమ్మను రెండింతలు పెద్దది చేసి ఇస్తే కొన్నిసార్లు సరిపోతుంది, అతుక్కుపోయినవి మాత్రం విడిపోవు. పైగా మాట మధ్యలో గీత కూడా పెట్టకుండా "పడే" ఒక లైన్లో, "సింది" ఇంకో లైన్లో వేస్తారు. అవి కలపకపోతే ఫోన్ రెండు మాటలుగా చదువుతుంది. అందుకే ప్రతి బుడగనూ బొమ్మ పక్కన పెట్టుకుని సరిచూస్తాను.

పేజీ ఇచ్చేసి ఫలితం తీసుకుందామనుకునేవాళ్ళకు ఇది పనికిరాదు. బుడగలు కత్తిరించే ఓపికుంటే టైపింగ్ శ్రమ బాగా తగ్గుతుంది.