23 వచ్చింది, 10 కూడా వచ్చింది: పెళ్లి పొంతనలో ఏది నమ్మాలి?

వరుడిది రోహిణి, వృషభం. వధువు చంద్రుడు కర్కాటకంలో సరిగ్గా 16 డిగ్రీల దగ్గర. వరుడు రెండు యాప్‌లలో ఇవే వివరాలు వేస్తే ఒకటి పొంతన కుదిరిందంది, ఇంకొకటి వద్దంది. రెండు ఫలితాలూ పట్టుకుని సిద్ధాంతి దగ్గరికి వచ్చాడు.

"సిద్ధాంతి గారూ, అవే తేదీలు, అవే సమయాలు. ఇంత తేడా ఏమిటండీ?"

"మొత్తం చూడకు నాయనా, 36 మార్కులు పంచుకున్న ఎనిమిది కూటాలను విడివిడిగా చూడు. వర్ణం 0, వశ్యం 1, తార 1.5, గ్రహమైత్రి 0.5, రాశికూటం 7. ఈ 10 రెండింటిలోనూ ఒకటే. యోని మార్కు ఒక్కో పట్టికలో ఒక్కోలా వేస్తారు, ఆ 4 మార్కులు పక్కన పెట్టి 32కే లెక్కేద్దాం. మారినవి గణం, నాడి. మొదటి యాప్ అమ్మాయిది పుష్యమి అంది: దేవగణం, మధ్యనాడి. నీది మనుష్యగణం, అంత్యనాడి. గణానికి 5, నాడికి 8, మొత్తం 23. రెండోది ఆశ్లేష అంది: రాక్షసగణం, నీలాగే అంత్యనాడి. రెండు చోట్లా సున్నా. మిగిలింది 10."

"ఆకాశంలో చంద్రుడు ఒక్కడే కదండీ. రెండు నక్షత్రాల్లో ఎలా ఉంటాడు?"

"పుష్యమి కర్కాటకంలో 16 డిగ్రీల 40 నిమిషాలకు ముగుస్తుంది. గ్రహాల స్థానంలోంచి తీసేసే సవరణే అయనాంశ, దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కిస్తారు. లాహిరి అయనాంశతో చంద్రుడు ఇంకా 40 నిమిషాలు, అంటే డిగ్రీలో మూడింట రెండు వంతులు, ఇవతలే ఉన్నాడు. రామన్ అయనాంశ దానికన్నా దాదాపు ఒకటిన్నర డిగ్రీ తక్కువ కాబట్టి, ఆ లెక్కలో చంద్రుడు అంతమేర ముందుకు జరిగి ఆశ్లేషలో పడతాడు. ప్రభుత్వ రాష్ట్రీయ పంచాంగం లాహిరినే వాడుతుంది. నేనూ అంతే."

"ప్రభుత్వం వాడితే గ్రహం వింటుందా? సెట్టింగ్ మారిస్తే పెళ్లి చెడిపోయేదైతే, ఆ మార్కు అమ్మాయి గురించి చెబుతున్నట్టా, సెట్టింగ్ గురించా?"

ఈ ప్రశ్నకు సిద్ధాంతి దగ్గర గట్టి జవాబు లేదు. సంప్రదాయంలో ఒకదాన్ని ఎంచుకుని కడదాకా దానిమీదే ఉండాలన్నది క్రమశిక్షణే తప్ప రుజువు కాదు. అయితే ఆయన వేసిన ఎదురుప్రశ్న మాత్రం సూటిగా తగిలింది.

"సరే, అమ్మాయి పుట్టిన సమయం నీకెవరు చెప్పారు?"

"వాళ్లమ్మగారు. ఉజ్జాయింపుగా."

"చంద్రుడు సగటున గంటకు అర డిగ్రీకి కాస్త ఎక్కువ నడుస్తాడు. ఆవిడ చెప్పినదానికన్నా గంటా పావు ఆలస్యంగా పుట్టి ఉంటే లాహిరిలోనూ ఆశ్లేషే. యాప్‌ను తప్పుపట్టే ముందు ఆసుపత్రి కాగితం చూశావా?"

చూడలేదు. నక్షత్రం అంచున పుట్టినవాళ్లకు ముందు తేల్చుకోవలసింది ఇదే. నక్షత్రం నడిమధ్యన పుట్టి, రాశి అంచు కూడా దగ్గరలో లేకపోతే, గంట తేడా వచ్చినా, అయనాంశ మారినా సాధారణంగా మార్కు కదలదు. వరుడి రోహిణి అలాంటిదే: 15 డిగ్రీల 30 నిమిషాల దగ్గర ఉంది, ఏ లెక్కలోనూ మారదు.

వరుడు పట్టు వదల్లేదు. "మా స్నేహితుడికి 30 గుణాలు కుదిరాయి. రెండేళ్లకే విడాకులు. దీనికేమంటారు?"

"పది కుదిరి పచ్చగా ఉన్న జంటను నేను చూపిస్తే పొంతన నిజమని ఒప్పుకుంటావా? ఒప్పుకోవు. మరి ఒక్క విడాకులతో అబద్ధమని ఎలా తేలుస్తావు?"

"అదీ నిజమే. మరి నాడి కలిస్తే పిల్లల ఆరోగ్యం చెడుతుందని మీరనేది దేనిమీద?"

"శాస్త్రవచనం. రక్తం కలవకూడదని పెద్దలు..."

"27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున మూడు నాడులకు పంచారు. అంటే నక్షత్రాల జతల్లో ప్రతి మూడింటిలో ఒకటి సున్నా. తోబుట్టువుల నాడులు వేరుగా ఉండొచ్చు, ఒకే రోజు పుట్టిన ముక్కూమొహం తెలియని వాళ్లిద్దరిదీ ఒకటే కావొచ్చు. ఇది రక్తం ఎలా అవుతుందండీ?"

సిద్ధాంతి కాసేపు ఆగి, "రక్తం మాట వెనక్కి తీసుకుంటాను. అది ఈమధ్య అతికించినదే" అన్నారు.

ఇక్కడ వరుడిదే పైచేయి. పిల్లల ఆరోగ్యమే అసలు భయమైతే నాడికన్నా రక్తపరీక్ష మేలు, అందులో సందేహం లేదు. ఉదాహరణకు బీటా థలసీమియా: హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షలో ఇద్దరూ ఆ జన్యులోపాన్ని మోసే వాహకులని తేలితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్కరే వాహకులై, రెండోవారి రక్తంలో ఇలాంటి లోపమేదీ లేకపోతే ఆ భయం లేదు. నాడి సున్నాకు ఇలాంటి అంకె ఎవరూ ఇవ్వలేరు.

పొంతన చూడకుండా ఇంట్లోవాళ్లు ముందుకు కదలరనుకుంటే, మొత్తం మార్కుకన్నా విడివిడి కూటాలు అడగడమే మేలు. కుదిరిందనడానికి కావలసిన 18 దాటిందా లేదా అన్న ఒక్క మాట వెనుక, ఈ జంటలో 13 మార్కులు ఒకే ఒక్క నక్షత్రపు గీత మీద వేలాడుతున్నాయన్న సంగతి దాగిపోతుంది. జాతకం చూసేవారిని ఏ అయనాంశ వాడారో, చంద్రుడు నక్షత్రపు అంచుకు ఎంత దూరంలో ఉన్నాడో అడగాలి. అంచుకు ఒకటిన్నర డిగ్రీ లోపల ఉంటే రెండు మార్కులూ రాసిమ్మనాలి.

"రాసిస్తాను, కానీ ముందు ఆ ఆసుపత్రి కాగితం తీసుకురా" అన్నారు సిద్ధాంతి. "రక్తపరీక్ష కాగితం కూడా తెస్తాను" అన్నాడు వరుడు.