పదకొండు ఆర్డర్లు చూసి "విన్నర్" అన్నడు, నమ్మి మునిగిన, మీరు జర పైలం

ఫోటోలకు, టైటిళ్లకు టెస్టింగ్ చేసి సేల్స్ పెంచుతం అని తిరిగేటాయన ఎవరో మీకు తెల్వంది కాదు, పేరు రాయను. మాది గద్వాల, చీరలు అమ్ముతం, సొంత సైట్. రోజుకు 40 మంది వస్తే గొప్ప, వాళ్లు కూడా యాడ్ పెట్టిన ఒక్క చీర మీదికే వస్తరు, నూటికి ఇద్దరు కొంటరు, నెలకు ఇరవై ఇరవై నాలుగు ఆర్డర్లు, గంతే మా దందా. ఇంత దందాకు 18 వేలు పెట్టి స్ప్లిట్ టెస్ట్ చేయించుకున్న, అంటే వచ్చినోళ్లల్ల సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్త పేజీ చూపిచ్చి ఏది ఎక్కువ అమ్ముతదో చూసుడు. నవ్వుకోండి, మా ఇంట్ల ఆల్రెడీ నవ్వుడు అయిపోయింది.

మా పాత పేజీల చీర మడత పెట్టి మంచం మీద పరిచిన ఫోటో, టైటిల్ "గద్వాల కాటన్ చీర, పట్టు అంచు, కుట్టు బార్డర్". ఆయన చేసిన రెండోదాంట్ల ఒక పిల్ల కట్టుకున్న ఫోటో, రంగు జర ఎక్కువ మెరిసేటట్టు చేసిండు, టైటిల్ "గద్వాల పట్టు చీర, పెండ్లి స్పెషల్". పాత పద్ధతి గద్వాల చీరల ఒళ్ళు కాటన్, అంచూ కొంగూ పట్టు, గిది ఈ ఊర్ల చిన్న పోరడు కూడా చెప్తడు. నేను అడిగిన, ఇట్ల రాస్తే ఎట్ల సార్ అని. "అన్నా, డేటా చెప్తది, మనం చెప్పొద్దు" అన్నడు. ఫోటో, టైటిల్ రెండూ ఒక్కసారే మార్చిండు కాబట్టి దేని వల్ల ఏమైందో దేవునికి కూడా తెల్వదు, అది వేరే కథ.

ఒప్పుకున్నది నాలుగు వారాలు నడపాలె అని. పదో రోజు పొద్దుగాల నేను లాగిన్ అయి చూస్తే కొత్తదానికి 6, పాతదానికి 3 ఆర్డర్లు ఉండె. సాయంత్రం ఇంకో రెండు ఆర్డర్లు కొత్తదాని మీద పడ్డయ్, ఏడు గంటలకు ఫోన్: "అన్నా, విన్నర్ వచ్చింది!" పాత ఫోటో 204 మంది చూస్తే 3 ఆర్డర్లు, కొత్తది 198 మంది చూస్తే 8. స్క్రీన్‌షాట్ల 94 శాతం నమ్మకం అని పచ్చరంగుల రాసుంది. ఇగ ఆపేద్దం, దుకాణం మొత్తానికి ఇదే స్టైల్ పెట్టేద్దం అన్నడు. నాలుగు వారాలు అన్నరు కదా అంటే "విన్నర్ దొరికినంక నడిపిస్తే మీకే లాస్" అన్నడు. లాస్ అనే మాట వినంగనే నేను సరే అన్న. మా ఆవిడ పక్కన నిలబడి తల అడ్డంగ ఊపుతనే ఉన్నది, నేను చూడనట్టు చేసిన.

తర్వాత నెల లెక్క చూడండి: 1190 మంది వచ్చిండ్రు, 23 ఆర్డర్లు. అంటే ముందు ఎంతనో గంతే. మారింది ఒక్కటే, వాపసు. ముందు నెలకు ఒకటో రెండో వచ్చేటివి, ఆ నెల ఆరు వచ్చినయ్. "పట్టు చీర అన్నరు, ఒళ్ళంత కాటన్ ఉంది" అని ఒకామె ఫోన్ల నన్ను తిట్టింది, ఆమె తప్పేముంది, నేనే అట్ల రాసి పెట్టిన కదా. ఆయన గెలిచిందన్న ఎనిమిది ఆర్డర్లల్ల కూడా మూడు వాపసే, కొరియర్ రానుపోను మా మీదనే. వాపసు గడువు అయిపోయేదాక ఆగి లెక్కపెడితే 5 - 3. పండుగ చేసుకునేంత తేడానా అది?

ఇది పట్టుకొని ఫోన్ చేసిన. పది నిమిషాలు లైన్ల ఉంచి, అంతా విని, ఏమన్నడో తెల్సా? "అన్నా, మీకు స్టాటిస్టిక్స్ అర్థం కాదు, మీరు చీరలు అమ్ముకోండి." మర్యాదగ అన్నా అనుకుంటనే అన్నడు. పైసలు పోయిన బాధ కన్నా గా మాట నాకు ఇప్పటిదాక గొంతుల ఉన్నది. సరే, అర్థం చేసుకుందం అని డిగ్రీల స్టాటిస్టిక్స్ చదివే మా అక్క కొడుకును కూసోబెట్టిన.

వాడు జేబుల నుంచి రూపాయి బిళ్ల తీసిండు. మామా, రెండు ఫోటోల్ల ఏ తేడా లేదనుకో, ఒక్కో ఆర్డర్ బొమ్మా బొరుసా లెక్క ఇటో అటో పడ్తది, పదకొండుసార్లు ఎగరేయి అన్నడు. మొదటిసారి 6 - 5, రెండోసారి 7 - 4, మూడోసారి 8 - 3! ఎగరేసినోన్ని నేనే. పదకొండుసార్ల ఆట వందసార్లు ఆడితే అందాజగ 23 ఆటల్ల 8 - 3 గానీ అంతకన్న పెద్ద తేడా గానీ ఊరికెనే వస్తదట, ఏదో ఒక దిక్కు. అంటే నాలుగింట్ల ఒకటి అనుకోండి. మరి 94 శాతం ఏందిరా అంటే, అది కొత్తది మంచిది అని ముందే ఒక్కదిక్కే చూసి వేసిన లెక్క, రెండు దిక్కులా చూస్తే 89 దాక దిగుతది, పైగా ఎప్పుడు ఆపాలె అని ముందే అనుకొని ఆ రోజు ఒక్కసారి చూస్తెనే ఆ అంకె చెల్లుతది, రోజూ తెరిచి చూసి మనకు నచ్చిన రోజు ఆపితే చెల్లదు అన్నడు. నాకు ఆ సాయంత్రం ఏడు గంటల ఫోన్ యాదికొచ్చింది.

ఇంకో పని చేపిచ్చిండు, ఇది మాత్రం మీరు కూడా చేయండి. రెండు దిక్కులా అదే ఫోటో, అదే టైటిల్, అక్షరం తేడా లేకుండ పెట్టి 12 రోజులు నడిపినం. ఐదో రోజు 4 - 0, టూల్ల ఒకటి గెలుస్తున్నది అని పచ్చబాణం! ఆఖరికి 6 - 2. అదే చీర, అదే మంచం, అదే దుప్పటి. గా పచ్చబాణానికేనా నేను 18 వేలు కట్టింది అని ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఎంతమంది చూడాలె మరి అంటే ఒక అందాజ లెక్క రాసిచ్చిండు:

```
n = 16 * p * (1 - p) / d^2
```

n ఒక్కో ఫోటోకు కావల్సిన జనం, p రెండు రేట్ల సగటు, d వాటి మధ్య తేడా. నూటికి ఇద్దరు కొనేది ముగ్గురు అయ్యిండ్రా అని పట్టుకోవాలంటే p 0.025, d 0.01, ఒక్కోదానికి 3900 మంది. రెండిటికి 7800. మాకు రోజుకు 40 మంది, ఆరు నెలలు దాటుతది, అందాక పండుగలు, పెండ్లి ముహూర్తాలు అన్నీ వచ్చి పోతయ్. ఇద్దరు కాస్త నలుగురు అయ్యేంత పెద్ద తేడా ఉంటెనే రెండు నెలల్ల తెలుస్తది. ఈ లెక్క ఆయనకు తెల్వదా? తెలుసు. తెలిసే పదో రోజు ఆపిండు.

మీకు ఎవరన్న ఇట్ల వస్తే ఎన్ని రోజులు, ఎంతమంది అని ముందే కాయితం మీద రాయించుకోండి, అది అయ్యేదాక ఎవ్వరూ ఆపొద్దు, వాపసులు తీసేసి లెక్కపెట్టాలె. మా లెక్క చిన్న దుకాణం అయితే ఫోటోలను యాడ్ల నొక్కుళ్ల మీద పోల్చుకోవచ్చు, ఆర్డర్ల కన్నా నొక్కుళ్లు శానా ఎక్కువ వస్తయ్ కాబట్టి తేడా జల్ది కనబడ్తది, కాకపోతే నొక్కినోళ్లందరు కొనరు, పట్టు అని అబద్ధం రాస్తే నొక్కుళ్లు కూడా పెరుగుతయ్, అది యాది పెట్టుకోండి. రెండూ ఒకటేలెక్క ఉంటే తేడా తెల్వలే అని రాసుకొని నిజం చెప్పే ఫోటో పెట్టుకోండి. నేను మళ్ల మంచం ఫోటోనే పెట్టిన.

ఇయ్యాల పొద్దుగాల ఆయన స్టేటస్‌ల మా చీరనే పెట్టిండు, "గద్వాల క్లయింట్‌కు 175 శాతం పెరుగుదల" అని. వాపసొచ్చిన ఆ మూడు చీరలు మా బీరువాలనే ఉన్నయ్, ఒకదానికి ఫాల్ కూడా కుట్టించి పంపిండ్రు.