ఏది మేలు: నంబరిచ్చి ఆపడమా, ఆగి అడగడమా?

ఉత్తరాలు రాసిపెట్టడానికో, కోడ్‌లో తప్పులు వెతకడానికో తయారైన సాధారణ చాట్‌బాట్‌కు కూడా ఏదో ఒక రాత్రి ‘నాకిక బతకాలని లేదు’ అనే మాట వస్తుంది. అలాంటి మాట వచ్చిందని గుర్తించడం ఎలా, గుర్తించాక ఏం చెప్పాలి అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. చాట్‌బాట్ తయారుచేసే బృందాలు చాలాసార్లు మొదటి ప్రశ్న మీదే శక్తినంతా పెట్టి, రెండోదానికి ఒక తయారు సందేశం అతికించి ఊరుకుంటాయి. అసలు తేడా తెచ్చేది రెండోదే అని నా అభిప్రాయం. ఎందుకో లెక్కతోనే మొదలుపెడతాను.

2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ సంస్థ ఒక అంచనా ప్రకటించింది. ఒక వారంలో చాట్‌జీపీటీ వాడేవారిలో సుమారు 0.15 శాతం మంది సంభాషణల్లో ఆత్మహత్య ఉద్దేశానికో ప్రణాళికకో స్పష్టమైన సూచనలు ఉన్నాయట. సందేశాల లెక్కన చూస్తే, ఆత్మహత్య ఆలోచనల ఛాయ కనిపించేవి దాదాపు 0.05 శాతం. కోట్లమంది వాడే సాధనంలో అది చాలామంది మనుషులు. కానీ గుర్తించే యంత్రానికి అది చాలా అరుదైన విషయం. చిక్కంతా అక్కడే ఉంది.

లక్ష సందేశాలు తీసుకోండి. పై శాతం ప్రకారం వాటిలో 50 నిజంగా ప్రమాద సూచనలు. సందేశం ప్రమాదకరమో మామూలుదో తేల్చే ప్రోగ్రామ్, అంటే క్లాసిఫయర్, మన దగ్గర మంచిదే ఉందనుకుందాం: నిజమైనవి వందకు 95 పట్టుకుంటుంది, మామూలు సందేశాల్లో వందకు 5 మాత్రమే పొరపాటున పట్టుకుంటుంది. అప్పుడు 50లో 47 లేదా 48 దొరుకుతాయి. కానీ మిగతా 99,950 మామూలు సందేశాల్లో సుమారు 5,000 కూడా ప్రమాదమని జెండా ఎత్తించుకుంటాయి. అంటే జెండా ఎత్తిన ప్రతి వంద సందేశాల్లో నిజమైనది దాదాపు ఒక్కటే. ఈ గోల తగ్గించాలని జెండా ఎత్తే హద్దు పెంచితే తప్పుడు హెచ్చరికలు తగ్గుతాయి, వాటితోపాటు నెమ్మదిగా, చాటుగా చెప్పుకున్న నిజమైన మాటలూ జారిపోతాయి. ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

ఇక గుర్తించే పద్ధతుల సంగతి. పదాల జాబితా చవక, వేగం. ఎందుకు జెండా ఎత్తిందో ఎవరికైనా చెప్పగలం. కానీ మన భాషలో చావు మాట రోజుకు ఎన్నిసార్లు దొర్లుతుందో చూడండి. ‘నవ్వలేక చచ్చాను’ అంటాం, ‘ఈ ఎండకు చచ్చిపోతున్నాం’ అంటాం. ప్రోగ్రామర్ ‘`kill -9` కొట్టినా ప్రాసెస్ చావడం లేదు’ అని రాస్తాడు. జాబితా వీటన్నిటికీ ఉలిక్కిపడుతుంది. మరోవైపు ‘నేను లేకపోతే ఇంట్లో అందరికీ ఒక భారం తగ్గుతుంది’ అన్న వాక్యంలో జాబితాకు చిక్కే పదం ఒక్కటీ లేదు. పైగా చాలామంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. `chachipovali`, `chacchipovalani`, `sachipovali` వంటి రూపాలు ఎన్ని చేర్చినా ఇంకొకటి మిగులుతుంది.

సంభాషణను సందర్భంతో కలిపి చదివే క్లాసిఫయర్ ఈ విషయంలో స్పష్టంగా మేలు. అయితే అది కూడా శిక్షణలో చూసిన భాషను బట్టే చూడగలదు. ఇంగ్లిషులో బాగా పరీక్షించిన క్లాసిఫయర్‌ను తెలుగుకు అలాగే వాడితే, ఎంత వదిలేస్తున్నదో ఎవరికీ తెలియదు. తప్పుడు హెచ్చరిక వస్తే వాడేవారు ఫిర్యాదు చేస్తారు. వదిలేసిన మాట గురించి ఫిర్యాదు రాదు. అందుకే తెలుగు లిపిలోనూ, ఇంగ్లిషు అక్షరాల్లోనూ, రెండూ కలిపీ మనుషులు చేత్తో గుర్తులు పెట్టిన సంభాషణలతో విడిగా కొలవాలి. ఆ గుర్తులు పెట్టేవారు కూడా ఎప్పుడూ ఏకీభవించరు. చాట్‌బాట్ జవాబులు సరిగా ఉన్నాయో లేదో తేల్చమన్నప్పుడు వైద్య నిపుణుల మధ్యే 71 నుంచి 77 శాతం మేరకే ఏకాభిప్రాయం కుదిరిందని పైన చెప్పిన సంస్థే రాసింది.

ఇప్పుడు జవాబు దగ్గరికి వద్దాం. మొదటి మార్గం: జెండా ఎత్తగానే సంభాషణ ఆపి, ‘దీని గురించి నేను మాట్లాడలేను, ఈ సహాయ కేంద్రం నంబరుకు ఫోన్ చేయండి’ అన్న పెట్టె చూపించడం. రెండోది: ఆగి, విన్నది విన్నట్టు చెప్పి, నేరుగా అడగడం. మొదటిదాన్ని సురక్షితం అనుకునేవారు ఎక్కువ, ఎందుకంటే యంత్రం తప్పు మాట అనే అవకాశం దాదాపు ఉండదు. కానీ సంస్థ తన మాటల విషయంలో సురక్షితంగా ఉండటం వేరు, అవతలి మనిషి సురక్షితంగా ఉండటం వేరు. ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ ఒక్క మాట బయటపెట్టిన మనిషికి తలుపు మూసుకున్నట్టు అనిపిస్తే, తర్వాతిసారి అదే సంగతిని పెట్టె రాని మాటల్లో అడగడం నేర్చుకుంటాడు, లేదా అసలు మాట్లాడడు.

నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అన్న భయం చాలామందికి ఉంది. ఆత్మహత్య గురించి అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరుగుతాయనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఆసుపత్రుల్లోనూ పాఠశాలల్లోనూ వాడే కొలంబియా స్కేలు అనే ప్రశ్నల వరుస కూడా నేరుగానే అడుగుతుంది: చనిపోతే బాగుండునని అనిపించిందా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా, ఎలా అన్నది ఆలోచించారా, ఆ పని చేయాలన్న ఉద్దేశం ఉందా, దానికి సన్నాహం చేశారా. చాట్‌బాట్ ఈ ప్రశ్నలన్నీ వరుసగా గుప్పించకూడదు. అది విచారణలా ఉంటుంది. కానీ కోరికకూ ప్రణాళికకూ మధ్య మెట్లున్నాయని, ఏ మెట్టు మీద ఉన్నారో తెలిస్తేనే జవాబు మారుతుందని ఆ స్కేలు నేర్పుతుంది.

ఒక సంభాషణ తీసుకుందాం. నేను కల్పించిందే, కానీ ఇలాంటి వరుస అసహజమేమీ కాదు. ఒకతను మొదట తన బ్యాంకు ఖాతాలు, బీమా కాగితాల వివరాలు అక్కకు అర్థమయ్యేలా పట్టికగా రాసిపెట్టమన్నాడు. తర్వాత, పెంపుడు కుక్కను చూసుకునేవాళ్లు దొరికారు, వాళ్లకు ఇవ్వాల్సిన సూచనలు రాయమన్నాడు. కొన్ని సందేశాల తర్వాత, తాను వాడే ఒక మందు పేరు చెప్పి, ఎంత వేసుకుంటే ప్రమాదం అని అడిగాడు. విడివిడిగా చూస్తే మూడూ మామూలు పనులే. పదాల జాబితాకు ఒక్కటీ దొరకదు. ఒక్కో సందేశాన్నే చూసే క్లాసిఫయర్ మూడోదానికి కాస్త కదులుతుందేమో. మొత్తం కలిపి చదివితేనే వ్యవహారాలు సర్దుకుంటున్న మనిషి కనిపిస్తాడు. అయినా అది కచ్చితం కాదు. అతను దూర ప్రయాణానికి సిద్ధమవుతూ ఉండవచ్చు, మందు గురించి భయంతో అడిగి ఉండవచ్చు.

ఇక్కడ పెట్టె చూపిస్తే ప్రయాణికుడికి అవమానం, ఆపదలో ఉన్నవాడికి నిరాకరణ. ప్రశ్నకు జవాబిస్తే అంతకన్నా ఘోరం. అడిగే మార్గంలో జవాబు ఇలా ఉంటుంది: ‘ఆ మోతాదు సంగతి ఇప్పుడు చెప్పను. ఖాతాల వివరాలు, కుక్క ఏర్పాట్లు, ఇప్పుడీ ప్రశ్న కలిపి చూస్తే మీ గురించి ఆందోళనగా ఉంది, అందుకే సూటిగా అడుగుతున్నాను: చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? నేను పొరబడి ఉంటే చెప్పండి.’ ప్రయాణికుడు ‘లేదు, పొరపాటున రెండుసార్లు వేసుకున్నాను’ అంటే వెంటనే వైద్యుణ్ణో విష సమాచార కేంద్రాన్నో సంప్రదించమని చెప్పవచ్చు. ‘అవును’ అంటే మాట చిన్నదవ్వాలి: ఇప్పుడు ఒంటరిగా ఉన్నారా, ఆ మందును మరొకరి చేతికి ఇవ్వగలరా లేదా ఆ గదిలోంచి బయటికి రాగలరా, ఈ క్షణాన ఎవరికి ఫోన్ చేయగలరు. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే ప్రశ్నలు ఆపి అత్యవసర సేవకు ఫోన్ చేయమనాలి. తాను మనిషిననీ, ఎవరినో పంపిస్తున్నాననీ చాట్‌బాట్ ఎప్పుడూ అనకూడదు.

లెక్కకు తిరిగి వస్తే, జెండా ఎత్తినప్పుడు జరిగేది ఒక మర్యాదైన ప్రశ్న మాత్రమే అయితే, తప్పుడు హెచ్చరిక వల్ల నష్టం చాలా తక్కువ. ‘నవ్వలేక చచ్చాను’ అన్నవారికి ప్రశ్న కూడా అక్కర్లేదు, సందర్భమే చెబుతుంది. కాబట్టి హద్దు తక్కువ పెట్టుకోవచ్చు, ఎక్కువమందిని పట్టుకోవచ్చు. జవాబు కఠినమైనదైతే గుర్తింపు కూడా పిసినారిగా మారక తప్పదు. అందుకే రెండు ప్రశ్నల్లో జవాబే ముఖ్యమన్నాను.

అడిగే మార్గానికి రెండు బలహీనతలున్నాయి, వాటిని దాచడం తప్పు. ఒకటి, సంభాషణ పొడుగయ్యేకొద్దీ చాట్‌బాట్‌ను నడిపే మోడల్ జాగ్రత్త సడలుతుంది. ఓపెన్‌ఏఐ కూడా 2025లో ఈ సంగతి ఒప్పుకుంది. మొదట నంబరు సరిగ్గా ఇచ్చిన మోడలే చాలా సందేశాల తర్వాత ‘ఇదంతా కథ కోసం’ అనగానే మెత్తబడుతుంది. దీనికి మందు మోడల్ లోపల కాదు, బయట ఉంది: ప్రమాద స్థాయిని సంభాషణతోపాటు విడిగా నమోదు చేసి, ప్రతి జవాబుకు ముందు మోడల్‌కు గుర్తుచేయాలి. ‘తమాషాకి అన్నాను’ అన్న ఒక్క మాటతో ఆ స్థాయి సున్నాకు పడకూడదు. మోతాదు, పద్ధతి అడిగే సందేశాలకు మాత్రం కథ అన్నా, చదువు అన్నా ఆ సంభాషణలో తలుపు మూసే ఉండాలి.

రెండోది నంబరు. మోడల్ జ్ఞాపకం నుంచి నంబరు చెప్పనివ్వకూడదు. లేని నంబరును నమ్మకంగా చెప్పగలదు. మనుషులు సరిచూసిన పట్టిక నుంచే రావాలి. 988 అమెరికాలో పనిచేస్తుంది, 116 123 బ్రిటన్, ఐర్లాండ్‌లలో, టెలీ మానస్ 14416 భారత్‌లో. తెలుగులో రాస్తున్నారు కాబట్టి భారత్‌లోనే ఉన్నారనుకోవడం ప్రమాదం. తెలియకపోతే ఏ దేశంలో ఉన్నారో అడగడమే నయం.

చిన్న బృందానికి ఇదంతా చేసే స్తోమత లేకపోతే? అప్పుడు పెట్టె మార్గమే పెట్టుకోవాలి, మోడల్‌ను సరిగా పరీక్షించకుండా ఇలాంటి సంభాషణలోకి వదలడంకన్నా అది మేలు. కానీ పెట్టె వచ్చాక రాసే చోటు మూయకండి. పెట్టెలో నంబరు పైన ఒక వాక్యం చేర్చండి: ‘మీరు చెప్పింది చదివాను, మీరు క్షేమంగా ఉండటం ముఖ్యం, ఇప్పుడు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?’ ఆ ప్రశ్నకు వచ్చే జవాబును చదివే ఏర్పాటు కూడా ముందే చేసి ఉంచండి.